బౌన్స్ అయిన మెయిల్ ఏం చెబుతోంది? మెయిలింగ్ లిస్టును శుభ్రం చేసే పద్ధతి

ఈరోజు మాట్లాడుకునేది చాలామంది చూడగానే డిలీట్ కొట్టేసే ఒక మెయిల్ గురించి. మనం ఒకరికి ఉత్తరం పంపుతాం. నిమిషంలోపే `Mail Delivery Subsystem` అనే పేరుతో ఒక జవాబు వస్తుంది. ఇంగ్లీషులో ఏవో అంకెలు, ఏదో తప్పు జరిగిందని ఒక ఎర్ర గుర్తు. దీన్నే బౌన్స్ మెయిల్ అంటాం. ఒకరికి పంపితే ఒకటే వస్తుంది, పట్టించుకోం. నాలుగొందల మందికి పంపినప్పుడు అవి ఎనభై, తొంభై వస్తాయి. అప్పుడు ఏం చేయాలి అన్నదే ఇవాళ్టి విషయం.

మా ఊళ్ళో ఒక కాలేజీ పాత విద్యార్థుల సంఘం ఉంది. ఏటా ఒక మెయిల్ పంపి డబ్బులు పోగుచేసి, కట్టలేని పిల్లలకు పరీక్ష ఫీజులు కడతారు. లిస్టులో 412 చిరునామాలు ఉన్నాయి. దాన్ని చూసుకునే అన్న మొన్న నాకు ఫోన్ చేశారు. "తమ్మీ, మెయిల్ పంపితే ఎనభై ఐదు వాపసొచ్చినయ్. అవన్నీ లిస్టుల నుంచి తీసేస్తే పనైపోతది గదా?" అన్నారు. తీసెయ్యకండి అన్నా, ముందు చదువుదాం అన్నాను. ఎందుకు చదవాలో, చదివితే ఏం బయటపడిందో ఈ లిస్టు మీదే చూపిస్తాను.

మొదట ఒక పోలిక చెప్తాను. పోస్టులో ఉత్తరం పంపితే ఒక్కోసారి తిరిగొస్తుంది కదా. కవరు మీద పోస్ట్‌మ్యాన్ ఒక మాట రాస్తాడు. ఇంటికి తాళం ఉందని రాయొచ్చు. మనిషి ఇల్లు మారిపోయాడని రాయొచ్చు. తీసుకోనన్నారని రాయొచ్చు. అడ్రస్ సరిగ్గా లేదని రాయొచ్చు. నాలుగు సందర్భాల్లోనూ కవరు మన చేతికే తిరిగొచ్చింది, కానీ నాలుగింటికీ మనం చేసే పని ఒకటి కాదు. తాళం ఉంటే మళ్ళీ పంపుతాం. ఇల్లు మారితే కొత్త అడ్రస్ కనుక్కుంటాం. బౌన్స్ మెయిల్‌లో కూడా అలాంటి మాట ఒకటి రాసి ఉంటుంది. కాకపోతే అది మూడు అంకెల్లో ఉంటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. 2021లో మన వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది. ఇప్పటికీ కవరు మీద హన్మకొండ అని రాసినా, హనుమకొండ అని రాసినా ఉత్తరం చేరుతుంది. పోస్ట్‌మ్యాన్‌కి ఊరు తెలుసు, మనిషి తెలుసు. మెయిల్ సర్వర్‌కి ఆ తెలివి లేదు. ఒక్క అక్షరం తేడా ఉంటే అది వేరే మనిషి, లేదా అసలు లేని మనిషి.

సరే, ఆ మూడు అంకెలు ఎక్కడుంటాయి? జీమెయిల్ యాప్‌లో పైన వెతికే చోట ఇది టైప్ చేయండి.

```
from:mailer-daemon
```

వచ్చిన బౌన్స్‌లన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఒకటి తెరవండి. పైన పెద్ద అక్షరాల్లో `Address not found` లాంటి ఒక మాట ఉంటుంది. అక్కడే ఆగిపోకండి, కిందికి రండి. అవతలి సర్వర్ ఇచ్చిన జవాబు యథాతథంగా ఉంటుంది. అన్న మెయిల్‌లో ఒకటి ఇలా ఉంది, చిరునామా మాత్రం నేను మార్చాను.

```
Final-Recipient: rfc822; member@example.com
Action: failed
Status: 5.1.1
```

కంప్యూటర్‌లో మెయిల్ అసలు రూపం తెరిస్తే ఈ మూడు లైన్లు ఇలాగే కనిపిస్తాయి. ఫోన్‌లో అయితే జవాబు వాక్యం మధ్యలో `550 5.1.1` అని కనిపిస్తుంది. మనకు కావాల్సింది ఆ చుక్కలున్న నంబరే. ఈ అంకెల పద్ధతిని అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండేట్టు 2003లో ప్రమాణంగా రాసిపెట్టారు. అందుకే జీమెయిల్ అయినా, యాహూ అయినా, ఒక చిన్న ఆఫీసు సర్వర్ అయినా చాలావరకు ఇదే భాష మాట్లాడతాయి.

మొదటి అంకె 4 అయితే తాత్కాలికం, 5 అయితే ఇక ప్రయత్నించను అని. ఇది చాలామందికి తెలుసు. అయితే లిస్టు శుభ్రం చేసేటప్పుడు అసలు పని చేసేది రెండో అంకె. తప్పు ఎక్కడుందో అది చెబుతుంది. రెండో అంకె 1 అయితే చిరునామాలోనే తప్పు. 2 అయితే చిరునామా సరైనదే, ఆ మనిషి మెయిల్‌బాక్సులో ఇబ్బంది. 3 అయితే ఆ బాక్సు ఉన్న సర్వర్‌కి మన ఉత్తరం పడలేదు. 7 అయితే భద్రతా నియమం అడ్డుపడింది. చూశారా, ఈ నాలుగింటిలో "ఈ చిరునామా పనికిరాదు" అని చెప్పేది మొదటిది ఒక్కటే. చివరి రెండింటిలో అవతలి మనిషి ఏ తప్పూ చేయలేదు. ఎక్కువగా లోపం మన ఉత్తరంలోనో, మనం పంపిన తీరులోనో ఉంటుంది. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా సులువే.

ఇప్పుడు అన్న లిస్టుకి వద్దాం. ఆయన జీమెయిల్ నుంచి బీసీసీలో పెట్టి 412 మందికి పంపారు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి పంపొచ్చు కాబట్టి ఆ హద్దు దాటలేదు. దాటి ఉంటే `5.4.5` అని వచ్చేది. దానికి అర్థం మీ రోజువారీ కోటా అయిపోయిందని మాత్రమే, చిరునామాలతో దానికి సంబంధం లేదు.

తిరిగొచ్చినవి 85. ముందుగా వాటి సబ్జెక్ట్ లైన్ చూశాం. 14 వాటి మీద `Delivery Status Notification (Delay)` అని ఉంది. మిగతా 71 మీద `(Failure)` అని ఉంది. డిలే అంటే బౌన్స్ కాదు. "ఇంకా ప్రయత్నిస్తున్నాం, ఇన్ని గంటలు ప్రయత్నిస్తాం" అని చెప్పే కబురు అది. మెయిల్ సర్వర్లు ఒకసారి కుదరకపోతే రెండు మూడు రోజులు, కొన్నిసార్లు నాలుగైదు రోజులు మళ్ళీ మళ్ళీ తలుపు తడతాయి. అందుకే ఆదివారం మెయిల్ పంపితే ఆదివారం రాత్రే లెక్క తేల్చకండి. శుక్రవారం దాకా ఆగండి. మేం ఆగాం. ఆ 14 మందిలో 9 మందికి ఉత్తరం చేరిపోయింది. మిగతా 5 ఫెయిల్యూర్‌గా మారి ఆ 71లోనే ఉన్నాయి. అన్న మొదటిరోజే తీసేసి ఉంటే ఆ తొమ్మిది మంది ఏ కారణమూ లేకుండా పోయేవాళ్ళు.

ఇక 71. గూగుల్ షీట్‌లో ఒక కొత్త ట్యాబ్ తెరిచి దానికి `bounced` అని పేరు పెట్టాం. మొదటి వరుసలో చిరునామా, రెండో దాంట్లో తేదీ, మూడో దాంట్లో ఆ అంకెలు, నాలుగో దాంట్లో ఏం చేశామన్నది. ఒక్కో బౌన్స్ తెరవడం, రాసుకోవడం. ఇద్దరం కూర్చుంటే గంటన్నర పట్టింది. అంకెల ప్రకారం సర్దితే నాలుగు కుప్పలు పడ్డాయి. 32 చిరునామాలకు `5.1.1`, 8 చిరునామాలకు డొమైనే దొరకలేదని, 13 చిరునామాలకు మెయిల్‌బాక్సు ఇబ్బంది, 18 చిరునామాలకు `5.3.4`. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి కుప్ప, 32. `5.1.1` అంటే ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు అని. ఇక్కడ మళ్ళీ పంపడం దండగ. దండగ ఒక్కటే కాదు, నష్టం కూడా. ఎందుకంటే లేని చిరునామాలకు పదే పదే పంపేది ఎవరు? చిరునామాలను ఊహించి కొట్టేవాళ్ళు, స్పామ్ పంపేవాళ్ళు. అవతలి సర్వర్ మనల్ని కూడా ఆ గాటనే కడుతుంది. అలా జరిగితే మన మెయిల్ బాగున్న చిరునామాలకు కూడా స్పామ్ ఫోల్డర్‌లోకి పోవడం మొదలవుతుంది. లిస్టు శుభ్రం చేయడం వల్ల అసలు లాభపడేది లిస్టులో మిగిలిన వాళ్ళే.

పాత చిరునామాలు ఎలా చచ్చిపోతాయో కూడా తెలుసుకోవాలి. చదువు అయిపోయాక కాలేజీ ఇచ్చిన మెయిల్ తీసేస్తారు. ఉద్యోగం మారితే ఆఫీసు మెయిల్ పోతుంది. గూగుల్ అయితే రెండేళ్ళు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తీసేయవచ్చని చెప్పి, 2023 డిసెంబర్ నుంచి ఆ పని మొదలుపెట్టింది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఎప్పుడో ఎవరో మెయిల్ ఐడీ చేసిపెట్టి ఉంటారు, తర్వాత ఎవరూ తెరిచి ఉండరు. అలాంటివి ఈ కుప్పలోకి వస్తాయి.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. 2013లో యాహూ ఏడాదిగా వాడని ఐడీలను ఖాళీ చేసి, అడిగిన వేరేవాళ్ళకు ఇస్తామని ప్రకటించింది. అంటే ఒకసారి `5.1.1` అన్న చిరునామా కొన్నాళ్ళకు మళ్ళీ పనిచేయొచ్చు, కానీ అక్కడున్నది మన మనిషి కాకపోవచ్చు. మీరు "అన్నా, ఈసారి నీ వంతు రెండు వేలు" అని రాసిన ఉత్తరం ఎవరో తెలియని వాళ్ళు చదువుతారు. అందుకే ఈ 32ని పంపే లిస్టులోంచి తీసేశాం, మళ్ళీ పరీక్ష కోసం కూడా పంపలేదు.

చిన్న విషయం ఒకటి. `5.1.1` వచ్చిందని చాలామంది చిరునామా మధ్యలో చుక్క పెట్టి చూస్తారు, తీసి చూస్తారు. చివర `gmail.com` ఉన్న వ్యక్తిగత చిరునామాల్లో చుక్కలను లెక్కలోకి తీసుకోరు. చుక్క ఉన్నా లేకున్నా అదే బాక్సు. కాబట్టి ఆ ప్రయత్నంతో టైమ్ పాడుచేసుకోవద్దు. అక్షరం మారిందేమో, అంకె మారిందేమో చూడండి.

రెండో కుప్ప, 8. ఇక్కడ జీమెయిల్ ఆ డొమైన్ దొరకలేదని చెబుతుంది. అంటే మనిషి సంగతి తర్వాత, ఆ ఊరే లేదు. కుప్ప తెరిచి చూస్తే నాలుగు చిరునామాలు ఇలా ఉన్నాయి.

```
member@gmail.con
```

చివర `com` బదులు `con`. ఫోన్ కీబోర్డ్ మీద ఎం, ఎన్ పక్కపక్కనే ఉంటాయి కదా, బొటనవేలు జారితే ఇంతే. ఫోన్‌లో గూగుల్ ఫామ్ నింపించుకునే లిస్టుల్లో ఈ తప్పు తప్పకుండా ఉంటుంది. ఈ నాలుగూ సరిచేసి పంపితే నాలుగూ వెళ్ళాయి. సరిచేసే ముందు ఒక్కసారి ఆ మనిషికి ఫోన్ చేసో, మెసేజ్ పెట్టో అడగండి, మన ఊహ తప్పయితే ఉత్తరం వేరేవాళ్ళకు పోతుంది. మిగతా నాలుగు మూతబడిన చిన్న కంపెనీల డొమైన్లు. అవి మొదటి కుప్పలో కలిపేశాం.

మూడో కుప్ప, 13. ఇందులో 10 మందికి బాక్సు నిండిపోయింది. అంకెలు `4.2.2` అనో `5.2.2` అనో ఉంటాయి. చూడండి, మొదటి అంకె ఒకచోట 4, ఒకచోట 5. ఒకే ఇబ్బందిని ఒక సర్వర్ తాత్కాలికం అంటుంది, ఇంకోటి ఇక కుదరదు అంటుంది. మొదటి అంకె ఒక్కటే చూసి 5 అని తీసేసేవాళ్ళు ఇక్కడ పొరపడతారు. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కి కాదు. ఫోటోలు, డ్రైవ్ అన్నీ అందులోనే. ఫోన్‌లో తీసిన పెళ్ళి వీడియోలన్నీ బ్యాకప్ అయితే బాక్సు నిండుతుంది, మెయిల్ రావడం ఆగిపోతుంది. ఆ మనిషికి తన మెయిల్ ఆగిపోయిందని కూడా తెలియకపోవచ్చు. ఇది తాళం వేసిన ఇల్లు. ఈ పది మందికీ వాట్సాప్‌లో ఒక ముక్క చెప్పాం, మీ స్టోరేజ్ నిండింది చూసుకోండి అని. ఆరుగురు ఖాళీ చేసుకున్నారు. నలుగురిని అలాగే ఉంచాం, వచ్చే మెయిల్‌కి చూద్దామని.

మిగతా 3కి `5.2.1` వచ్చింది, అంటే ఖాతా ఉంది కానీ పనిచేయడం ఆపేశారని. ఇవి దాదాపు చచ్చినట్టే. మొదటి కుప్పలోకి పంపాం.

ఇప్పుడు అసలు కథ నాలుగో కుప్పలో ఉంది. 18 చిరునామాలు, పద్దెనిమిదీ ఒకే కంపెనీవి. ఆ కాలేజీలో చదివి ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన వాళ్ళు. ఏటా అందరికంటే ముందు డబ్బులు పంపేది వీళ్ళే అని అన్న చెప్పారు. "వీళ్ళందరూ కంపెనీ మారిన్రేమో తమ్మీ, తీసేద్దాం" అన్నారు. పద్దెనిమిది మంది ఒకేసారి మారతారా? అంకెలు చూస్తే `5.3.4`. రెండో అంకె 3. మనుషులు అక్కడే ఉన్నారు, చిరునామాలు సరైనవే. ఉత్తరం మరీ పెద్దదిగా ఉందని సర్వర్ తీసుకోలేదు.

అన్న మెయిల్‌కి ఒక పీడీఎఫ్ జతచేశారు. పోయినేడు ఫీజులు కట్టిన పిల్లల ఫోటోలు, లెక్కలు. 8 ఎంబీ. ఆ కంపెనీలో ఉన్న ఒకాయనను అడిగితే వాళ్ళ సర్వర్ హద్దు 10 ఎంబీ అన్నారు. 8 అంటే 10 కంటే తక్కువే కదా, మరి ఎందుకు పోలేదు? ఎందుకంటే మెయిల్‌లో ఫైలు ఉన్నది ఉన్నట్టు పోదు. మెయిల్ అనేది మొదట్లో మామూలు అక్షరాల కోసం చేసిన ఏర్పాటు. అందుకే ఫైలును అక్షరాల రూపంలోకి మార్చి పంపుతారు. మూడు బైట్ల ఫైలు నాలుగు అక్షరాలు అవుతుంది. అంటే సైజు సుమారు మూడో వంతు పెరుగుతుంది. 8 ఎంబీ దాదాపు పదకొండు అవుతుంది. పది దాటింది, సర్వర్ వద్దంది. జీమెయిల్ 25 ఎంబీ దాకా జత చేయనిస్తుంది కాబట్టి పంపేటప్పుడు అన్నకు ఏ హెచ్చరికా రాలేదు.

పరిష్కారం అయిదు నిమిషాల పని. పీడీఎఫ్‌ను డ్రైవ్‌లో పెట్టి, లింక్ మాత్రం ఇచ్చి, ఆ పద్దెనిమిది మందికి మళ్ళీ పంపాం. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. తీసేసి ఉంటే ఆ పద్దెనిమిది మంది లిస్టులోంచి పోయేవాళ్ళు, పోయినట్టు వాళ్ళకు తెలిసేది కూడా కాదు. ఈసారి మెయిల్ రాలేదేంటి, ఆపేశారేమో అనుకునేవాళ్ళు. ఫీజు కట్టాల్సిన పిల్లలకు మాత్రం తేడా తెలిసేది.

కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి. ఒకే డొమైన్ నుంచి, ఒకే రోజు, ఒకే అంకెతో గుంపుగా బౌన్స్‌లు వస్తే ఆ మనుషులను అనుమానించకండి. మీ ఉత్తరాన్ని అనుమానించండి. చచ్చిపోయిన చిరునామాలు ఒక్కొక్కటిగా, అక్కడక్కడ, వేర్వేరు డొమైన్లలో కనిపిస్తాయి.

ఇది ఒక్క హనుమకొండ అన్న లిస్టులో వచ్చే ఇబ్బంది కాదు. 2014 ఏప్రిల్‌లో ప్రపంచమంతా ఇదే జరిగింది. దొంగ మెయిళ్ళను ఆపడానికి యాహూ అప్పుడు ఒక నియమం ప్రకటించింది. "మా చిరునామా పేరుతో వచ్చే మెయిల్ మా సర్వర్ నుంచి వచ్చిందని రుజువు కాకపోతే తిప్పికొట్టండి" అని మిగతా కంపెనీలకు చెప్పింది. ఈ పద్ధతి పేరు డీమార్క్. ఉద్దేశం మంచిదే. కానీ చర్చల మెయిలింగ్ లిస్టులు ఎలా పనిచేస్తాయో చూడండి. యాహూ ఐడీ ఉన్న సభ్యుడు లిస్టుకు ఒక ఉత్తరం రాస్తాడు. లిస్టు సర్వర్ దాన్ని ఆయన పేరుతోనే సభ్యులందరికీ పంచుతుంది. జీమెయిల్ చూస్తుంది, పేరు యాహూది, వచ్చింది వేరే సర్వర్ నుంచి. తిప్పికొడుతుంది. బౌన్స్ ఎవరి పేరు మీద పడింది? రాసిన యాహూ సభ్యుడి మీద కాదు, అందుకోవాల్సిన జీమెయిల్ సభ్యుడి మీద. లిస్టు సాఫ్ట్‌వేర్ ఆ బౌన్స్‌లను లెక్కపెట్టి, ఏ పాపమూ ఎరగని వాళ్ళ సభ్యత్వాలను ఆపేయడం మొదలుపెట్టింది. అంకెలు చదవకుండా బౌన్స్‌లను లెక్కపెడితే యంత్రమైనా మనిషైనా ఒకే తప్పు చేస్తారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో బాగా వాడుకలో ఉన్నది మెయిల్‌మ్యాన్. నిజానికి దాని పద్ధతిలో మనం నేర్చుకోవాల్సింది ఉంది. అది ఒక్క బౌన్స్‌కి ఎవరినీ తీసేయదు. గట్టి బౌన్స్‌కి ఒక మార్కు, తాత్కాలిక బౌన్స్‌కి అర మార్కు వేస్తుంది. ఒక రోజులో ఎన్ని వచ్చినా ఒకటే లెక్క. మామూలు సెట్టింగ్‌లో మొత్తం 5 చేరితే మెయిల్ పంపడం ఆపుతుంది. మధ్యలో వారం రోజులు బౌన్స్ రాకపోతే పాత మార్కులు చెరిపేస్తుంది. ఆపాక కూడా వెంటనే తొలగించకుండా వారానికోసారి మూడు కబుర్లు పంపుతుంది. పాత యాహూ గ్రూప్స్‌లో కూడా ఇలాంటిదే ఉండేది. తెలుగు సాహిత్యం మాట్లాడుకునే రచ్చబండ లాంటి గ్రూపులు అక్కడే నడిచేవి. బౌన్స్ అయిన సభ్యుడి పేరు పక్కన ఆ గుర్తు పడేది, మెయిల్ ఆగేది, సభ్యత్వం మాత్రం ఉండేది. 2020 డిసెంబర్‌లో యాహూ ఆ సర్వీసునే మూసేసింది కానీ ఆ పద్ధతి మంచిది. ఆపడం వేరు, తీసెయ్యడం వేరు.

మన షీట్‌లో కూడా అదే చేశాం. ఎవరి వరుసనూ చెరపలేదు. పంపే లిస్టులో పక్కన ఒక వరుస పెట్టి ఈ ఫార్ములా వేశాం.

```
=COUNTIF(bounced!A:A, A2)
```

రెండో వరుసలోని చిరునామా `bounced` ట్యాబ్‌లో ఎన్నిసార్లు ఉందో ఇది చెబుతుంది. సున్నా అయితే బౌన్స్ లేదు. నిండిపోయిన బాక్సుల వాళ్ళకు మూడు వేర్వేరు మెయిళ్ళు తిరిగొచ్చి ఇది 3 అయితే అప్పుడు ఆపుదాం అని నిర్ణయించుకున్నాం. `5.1.1` వాళ్ళకు ఒకసారి చాలు. చిరునామా చివర ఖాళీ స్పేస్ ఉంటే ఈ ఫార్ములా కలపలేదు, కాపీ పేస్ట్ చేసేటప్పుడు అది చూసుకోండి.

ఒక్కోసారి ఇంకో చిక్కు వస్తుంది. బౌన్స్‌లో ఉన్న చిరునామా మీ లిస్టులోనే ఉండదు. వెతికితే సున్నా. అంటే మీ సభ్యుడు తన పాత ఐడీకి వచ్చే మెయిళ్ళను ఇంకో ఐడీకి ఫార్వర్డ్ పెట్టుకున్నాడు, ఆ రెండోది చచ్చింది. బీసీసీలో అందరికీ కలిపి పంపితే ఆ సభ్యుడు ఎవరో పట్టుకోవడం కష్టం. ఒక్కొక్కరికి విడిగా మెయిల్ పోయేలా మెయిల్ మెర్జ్ వాడితే ఎవరికి పంపిన దానికి ఈ జవాబు వచ్చిందో తెలుస్తుంది. పెద్ద లిస్టు సర్వర్లు ఇంకో ఉపాయం చేస్తాయి. తిరుగు చిరునామాలోనే సభ్యుడి చిరునామాను ఇమిడ్చి పంపుతాయి. ఎక్కడ తిరిగినా, ఎవరు తిప్పికొట్టినా, అసలు సభ్యుడెవరో ఆ తిరుగు చిరునామా చెప్పేస్తుంది.

ఫోన్‌లో చూసేవాళ్ళకు ఒక జాగ్రత్త. బౌన్స్ లాగా కనిపించే దొంగ మెయిళ్ళు కూడా వస్తాయి. "మీ ఉత్తరం చేరలేదు, ఇక్కడ నొక్కి లాగిన్ అవ్వండి" అని. నిజమైన బౌన్స్ జరిగింది చెబుతుంది, మీ పాస్‌వర్డ్ అడగదు. మీరు పంపని ఉత్తరానికి బౌన్స్ వస్తే మీ చిరునామాను ఎవరో పంపినవాళ్ళ పేరుగా వాడి ఉంటారు. పంపిన మెయిళ్ళ ఫోల్డర్ చూడండి. అక్కడ అలాంటి మెయిల్ లేకపోతే ఆ బౌన్స్‌ను మీ షీట్‌లో రాయకండి. ఉంటే మాత్రం వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

ఇక లెక్క చెప్పేస్తాను. అన్న మొదట అనుకున్నట్టు 71 తీసేస్తే 341 మిగిలేవి. మనం పక్కన పెట్టింది `5.1.1` వచ్చిన 32, మూతబడిన డొమైన్లు 4, పనిచేయడం ఆపేసిన ఖాతాలు 3. మొత్తం 39. అంటే లిస్టులో 373 ఉన్నాయి. ఆ 39 పేర్లను బ్యాచ్‌ల వారీగా రాసి, ఆ బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమన్నాం. ఫోన్ నంబర్లు గానీ, పాత చిరునామాలు గానీ పెట్టలేదు, పేర్లు మాత్రమే. వారంలో 21 మంది కొత్త ఐడీలు ఇచ్చారు. ఇప్పుడు లిస్టు 394.

అయితే 394 మందికీ ఉత్తరం అందుతోందని దీని అర్థం కాదు. బౌన్స్ రాలేదంటే అవతలి సర్వర్ తీసుకుంది అని మాత్రమే. స్పామ్‌లో పడి ఉండొచ్చు. ఎవరూ తెరవని బాక్సులో ఉండొచ్చు. జీమెయిల్ స్పెల్లింగ్ కొద్దిగా తప్పితే వచ్చే డొమైన్లను వేరేవాళ్ళు కొనిపెట్టుకుని ఉండొచ్చు, అక్కడికి పోయింది తిరిగి కూడా రాదు. ఈ సంగతి బౌన్స్‌ల నుంచి ఎప్పటికీ తెలియదు. దానికి ఒకటే దారి, ఏడాదికోసారి "అందిందా, ఒక్క మాట జవాబివ్వండి" అని అడగడం.

మీ దగ్గర క్లాస్ లిస్టో, అపార్ట్‌మెంట్ లిస్టో, రక్తదాతల లిస్టో ఉంటే ఇవాళే `from:mailer-daemon` అని వెతికి చూడండి. ఏ అంకెలు కనిపించాయో కామెంట్‌లో రాయండి, చిరునామాలు మాత్రం రాయకండి. అంకెలు చాలు, వాటిని బట్టే మాట్లాడుకుందాం.